ఇంకా చుక్క కాని పని

నవంబరు మొదట్లో ఒక శుక్రవారం, ల్యాబ్ అయిపోయాక మేము ఐదుగురం చివరి బెంచి దగ్గర ఒక ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. స్క్రీన్ మీద నేను ముందురోజు రాత్రి కూర్చుని గీసిన గ్రాఫ్ ఉంది. 20 చుక్కలు, నాలుగు అడ్డగీతలు. అందులో ఒక చుక్క మిగతా వాటికి సంబంధం లేనట్టు ఎక్కడో పైన ఒంటరిగా ఉంది. దాని మీద వేలు పెట్టి, "26 రోజులు! ఒక లిస్టు తయారు చేయడానికి 26 రోజులా?" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆ చుక్క ఎవరిదో అందరికీ తెలుసు. శామీర్‌పేట నుంచి వచ్చే మా ఫ్రెండ్‌ది. తను ఏమీ అనలేదు. వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చుంది.

హాస్టల్‌లో ఉండే మా వాడు మాత్రం స్క్రీన్ వైపు కాసేపు చూసి అడిగాడు. "సరేగానీ, నీ నోటిఫికేషన్ పని ఇందులో ఏ చుక్క?"

"అది ఇంకా కాలేదు కదరా. అయిపోయినవే ఇందులో కనిపిస్తాయ్."

"మొదలుపెట్టి ఎన్ని రోజులైంది?"

బోర్డు తెరిచి చూశాను. ఆ రోజుతో 9.

ఈ వ్యాసం ఆ 9 గురించి. నాకు ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న తెలుగే వచ్చు, కాబట్టి మధ్యలో ఇంగ్లిష్ మాటలు తెలుగు లిపిలో దొర్లుతాయి. క్లబ్ వాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ముందు మేము ఏం చేస్తున్నామో చెప్పాలి. మా కాలేజీ బస్సుల కోసం ఒక చిన్న యాప్. మేడ్చల్ నుంచి వచ్చేవాళ్ళకీ శామీర్‌పేట నుంచి వచ్చేవాళ్ళకీ ప్రపంచాలు వేరు. మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉంటుంది. ఒక రూట్‌లో బస్సు ఆగిపోయిన సంగతి ఇంకో రూట్ వాళ్ళకి మొదటి పీరియడ్ అయ్యాక గానీ తెలీదు. నాది మేడ్చల్. బస్సు వచ్చిందా, వెళ్ళిపోయిందా, అసలు ఇవాళ వస్తుందా అని వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మొదలయ్యే పంచాయితీ తగ్గించాలని ఈ యాప్ మొదలుపెట్టాం. పనులన్నీ చిన్న చిన్న కార్డులుగా ఒక ఆన్‌లైన్ బోర్డులో పెట్టుకున్నాం. ఎవరైనా పని మొదలుపెడితే కార్డుని `Doing` లోకి, అయిపోతే `Done` లోకి జరపాలి. ఏ రోజు జరిపామో బోర్డే గుర్తుపెట్టుకుంటుంది.

ఆ రెండు తేదీలుంటే చాలు, సైకిల్ టైమ్ వచ్చేస్తుంది. అయిన తేదీలోంచి మొదలుపెట్టిన తేదీ తీసేసి ఒకటి కలపాలి. ఆ ఒకటి ఎందుకంటే, పొద్దున మొదలుపెట్టి సాయంత్రం అయిపోయిన పనికి సున్నా రోజులు పట్టిందంటే అబద్ధం కాబట్టి. ఆదివారాలు, సెలవులు ఏవీ తీసెయ్యకూడదు. మనం ఎన్ని గంటలు కూర్చున్నాం అన్నది కాదు ఇక్కడ లెక్క, ఆ పని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎన్ని రోజులు చూశారన్నది.

గ్రాఫ్ గీయడం ఇంకా తేలిక. అడ్డంగా తేదీలు, నిలువుగా రోజుల సంఖ్య. ఒక్కో పని అయిపోయిన తేదీ దగ్గర, దానికి ఎన్ని రోజులు పట్టిందో ఆ ఎత్తులో ఒక చుక్క. దీన్నే సైకిల్ టైమ్ స్కాటర్‌ప్లాట్ అంటారు. ఫోర్త్ ఇయర్ సీనియర్ అన్న ఒకరు ఇంటర్న్‌షిప్‌లో చూసి మాకు చెప్పారు. డేనియల్ వకాంటి అనే ఆయన 2015లో ఈ లెక్కల మీదే ఒక పుస్తకం రాశారని, సాఫ్ట్‌వేర్ టీముల్లో ఈ గ్రాఫ్ అంతగా వాడకంలోకి రావడంలో ఆయన పాత్ర చాలా ఉందని కూడా ఆ అన్నే చెప్పారు.

ఇక అడ్డగీతలు. పర్సంటైల్ అనే మాట మనలో ఎవరికీ కొత్త కాదు. జేఈఈ మెయిన్ రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో పిన్నిలకి, బాబాయిలకి అందరికీ అది వివరించి అలసిపోయినవాళ్ళమే. ఇక్కడా అదే లెక్క. కాకపోతే అక్కడ 95 అంటే స్వీట్లు పంచుతారు, ఇక్కడ 95 గీత దగ్గర ఉన్నామంటే మన పని నూటికి 95 పనులంత నత్తనడక నడిచిందని. 85 గీత 11 రోజుల దగ్గర ఉందంటే, అయిపోయిన పనుల్లో నూటికి 85 పనులు 11 రోజుల్లో గానీ అంతకు ముందే గానీ అయిపోయాయని అర్థం. అంతకు మించి ఏమీ లేదు.

మా 20 పనుల రోజులు చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తే ఇలా ఉన్నాయి:

```
1 1 2 2 2 3 3 3 4 4 5 5 6 7 8 9 11 14 19 26
```

20కి 50 శాతం 10. పదో అంకె 4, కాబట్టి 50 గీత 4 రోజుల దగ్గర. 70 శాతం అంటే పద్నాలుగోది, 7 రోజులు. 85 శాతం అంటే పదిహేడోది, 11 రోజులు. 95 అంటే పంతొమ్మిదోది, 19 రోజులు. కోడ్ కావాలంటే ఇంతే:

```python
import math
def line(days, p):
    s = sorted(days)
    return s[math.ceil(p * len(s) / 100) - 1]
```

మా వాడు ఇదే పని నంపై లైబ్రరీతో చేసి 85కి 11.45 తెచ్చాడు. ఇద్దరం అరగంట కొట్టుకున్నాం. తర్వాత తెలిసింది, అది రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, నాది తీసుకోదు. రెండూ తప్పు కాదు. రోజుల్లో మాట్లాడుకునేటప్పుడు 11.45కీ 11కీ తేడా ఏముంది చెప్పండి.

"ఇంత గొడవ ఎందుకు, సగటు తీస్తే సరిపోదా?" అని నేను కూడా మొదట అనుకున్నా. మొత్తం 135 రోజులు, 20 పనులు, సగటు 6.75. కానీ పైన ఉన్న వరస మళ్ళీ చూడండి. 20లో 13 పనులు ఆ సగటుకి కిందే ఉన్నాయి. చివర్లో ఉన్న 19, 26 కలిసి సగటుని తమ వైపు లాగేశాయి. స్టాండర్డ్ డీవియేషన్ వాడదామంటే అది 6.3 వచ్చింది. మ్యాథ్స్‌లో చెప్పినట్టు సగటుకి అటు రెండు, ఇటు రెండు డీవియేషన్లు తీసుకుంటే కింది గీత దాదాపు మైనస్ 6 రోజుల దగ్గరికి పోయింది. అంటే పని మొదలుపెట్టకముందే ఆరు రోజుల కింద అయిపోవాలి! మా లాంటి లెక్కలు ఎప్పుడూ ఒకవైపే సాగుతాయి. ఏ పనీ ఒక రోజు కంటే ముందు అవ్వదు, ఎంత ఆలస్యమైనా అవ్వచ్చు. అందుకే ఇక్కడ గంట ఆకారం ఊహలు పక్కన పెట్టి, వరసలో నిలబెట్టి లెక్కపెట్టుకోవడమే నయం.

ఇప్పుడు ఆ శుక్రవారానికి వద్దాం.

నేను వేలు పెట్టిన 26 రోజుల చుక్క, 95 గీతకి కూడా పైన ఉంది. నూటికి నూరు శాతం అది మామూలు విషయం కాదు. అక్కడిదాకా నేను కరెక్టే. కానీ మామూలుగా లేదు అని చెప్పడంతో గ్రాఫ్ పని అయిపోతుంది. ఎందుకు లేదో, ఎవరి వల్ల లేదో అది చెప్పదు. ఆ రెండోది నేనే కలిపేశాను. ఆ చుక్క మీద నొక్కితే కార్డు తెరుచుకుంటుంది, అందులో తను రాసుకున్న కామెంట్లు ఉంటాయి. మీటింగ్‌కి ముందు ఒక్కసారి నొక్కి ఉంటే సరిపోయేది. నేను నొక్కలేదు.

ఆ సాయంత్రం బస్సులో నొక్కాను. పని ఏంటంటే, రెండు రూట్లలో ఏ స్టాపు, ఏ టైమ్ అనే లిస్టు. దానికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి కాగితం రావాలి. తను మూడో రోజే అడిగింది. వాళ్ళు వచ్చే వారం అన్నారు. మళ్ళీ అడిగింది. సంతకం కావాలన్నారు. చివరికి తనే రెండు రోజులు పొద్దున్నే బస్సెక్కి, ఫోన్‌లో స్టాపులు నోట్ చేసుకుని లిస్టు తయారు చేసింది. మొత్తం కలిపితే తను పని చేసింది 5 రోజులు ఉంటుందేమో. మిగతా 21 రోజులు కార్డు ఊరికే ఎదురుచూస్తూ ఉంది. ఆ 21 రోజులూ ఆ కార్డు మా బోర్డు మీద, మా అందరి కళ్ళ ముందే ఉంది. టీమ్ లీడ్ అని నా పేరు పక్కన రాసుకున్న నేను ఒక్కసారి కూడా "ఏమైంది?" అని అడగలేదు. అయిపోయి, చుక్కగా మారాక మాత్రం వేలు పెట్టి చూపించాను.

మొన్నటి పరీక్షలో వచ్చిన మార్కుల మీద ఇవాళ ఎంత గొంతు చించుకున్నా మారవు కదా, అలాంటిదే ఇది. స్కాటర్‌ప్లాట్ మీద ఉన్న ప్రతి చుక్కా అయిపోయిన పనే. ఒక పని మరీ ఎక్కువ రోజులు పడుతోందా అన్న ప్రశ్నకి జవాబు పనికొచ్చేది పని నడుస్తున్నప్పుడే, ఆ సమయంలో ఆ పని గ్రాఫ్ మీద ఎక్కడా ఉండదు. కాబట్టి చేయాల్సింది వేరు. అయిపోయినవాటి నుంచి గీతలు తీసుకోవాలి. నడుస్తున్న పనికి ఇవాళ్టికి వయసెంతో లెక్కపెట్టాలి, అంటే ఇవాళ్టి తేదీలోంచి మొదలుపెట్టిన తేదీ తీసి ఒకటి కలపాలి. ఆ వయసుని ఆ గీతల పక్కన పెట్టి చూడాలి. 2020లో వచ్చిన కాన్‌బాన్ గైడ్‌లో కూడా సైకిల్ టైమ్‌ని, పని వయసుని రెండు వేర్వేరు కొలతలుగానే పెట్టారు. అయిపోయినదానికి మొదటిది, అవ్వనిదానికి రెండోది.

ఇది నాకు అర్థమైంది మాత్రం గైడ్ వల్ల కాదు, మా అమ్మ వల్ల. నేను కాలేజీ నుంచి మేడ్చల్‌లో ఇంటికి మామూలుగా ఐదున్నరకి చేరతాను. కండ్లకోయ దగ్గర ట్రాఫిక్ ఉన్న రోజు ఐదుంముప్పావు, ఆరు కూడా అవుతుంది. ఐదున్నర దాటిందని అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. ఆరుంబావు అయితే మాత్రం ఖచ్చితంగా ఫోన్ మోగుతుంది, "యాడున్నవ్ బిడ్డా?" అని. ఆ ఆరుంబావు అమ్మకి ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళుగా నేను ఇంటికొచ్చిన టైములన్నీ తన బుర్రలో చుక్కలుగా ఉన్నాయి, ఎక్కడో ఒక గీత ఉంది. ఇవాళ నేను ఇంకా చుక్క కాలేదు, కానీ గీత దాటుతున్నా. అందుకే ఫోన్. నేను ఇంటికొచ్చాక ఎనిమిదింటికి కూర్చోబెట్టి "నిన్న ఎందుకు లేటయింది" అని అడిగితే దానివల్ల ఎవరికి లాభం?

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది దీనికే. ఐదున్నరకి అమ్మ టెన్షన్ ఎంతుంటుందో, ఐదుంముప్పావుకి అంతే ఉండదు కదా. నిమిషాలు గడిచేకొద్దీ, మామూలుగా వచ్చే రోజుల లిస్టులోంచి ఇవాళ్టి రోజు జారిపోతూ ఉంటుంది. పనులూ అంతే.

మా 20 అంకెలతోనే చూద్దాం. ఒక కొత్త పని ఇవాళ మొదలైంది, దాని గురించి మనకి ఇంకేమీ తెలీదు. అది 11 రోజుల గీత దాటే అవకాశం ఎంత? 20లో 3 దాటాయి, అంటే నూటికి 15. ఇప్పుడు 4 రోజులు గడిచాయి, పని అవ్వలేదు. 4 రోజుల్లో అయిపోయిన 10 పనులతో దీనికి ఇక సంబంధం లేదు, ఇది ఆ గుంపులో లేదని తేలిపోయింది. మిగిలినవి 10. వాటిలో 11 దాటినవి అవే 3. అంటే నూటికి 30. మొత్తం 7 రోజులు గడిచాయి, అప్పటికీ అవ్వలేదనుకోండి. 7 దాటినవి 6 పనులే. అందులో 11 దాటినవి 3. సగానికి సగం!

పని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, కొత్తగా ఏ తప్పూ జరగలేదు, ఊరికే రోజులు గడిచాయంతే. 15 కాస్తా 30 అయింది, 30 కాస్తా 50 అయింది. 50 గీత, 70 గీత ఎందుకు గీస్తారో అప్పటిదాకా నాకు తెలీదు. ఇంకా 85 రాలేదు కదా, మనకి టైముంది అనుకునేవాణ్ణి. నిజానికి 70 గీత దాటిన పని 85 దాటుతుందా లేదా అన్నది బొమ్మా బొరుసే. ఇది నేను కనిపెట్టింది కాదు, వకాంటి లాంటివాళ్ళు ఎప్పుడో చెప్పిందే. మన సొంత అంకెలతో చేసుకుంటే గుండెకి తగులుతుంది, అంతే తేడా.

ఇక నా 9. బస్సులో కూర్చుని ఫోన్‌లోనే రన్ చేశాను:

```python
older = [d for d in days if d > 9]
late = [d for d in older if d > line(days, 85)]
print(len(late), len(older))
```

`3 4` అని వచ్చింది. 9 రోజులు దాటిన పనులు మొత్తం నాలుగు. వాటిలో ఒక్కటే 11వ రోజుకి బయటపడింది. మిగతావి 14, 19, 26. అంటే నేను పొద్దున వేలు పెట్టి చూపించిన చుక్క ఉన్న గుంపులోనే నా పని కూడా నిలబడి ఉంది. పైగా తన పని అయిపోయింది, నాది అవ్వలేదు. నాలుగే పనులున్నప్పుడు నాలుగింట మూడు అన్నదాన్ని 75 శాతం అని పెద్ద సైన్సులా చెప్పుకోకూడదని నాకు తెలుసు. కానీ "ఏమైందో అడగాల్సిన పనా, కాదా" అని తేల్చుకోడానికి అంత ఖచ్చితత్వం అక్కర్లేదు.

నా పని ఎందుకు ఆగిందో కూడా చెప్తాను. బస్సు ముందు స్టాపు దాటగానే ఫోన్‌కి మెసేజ్ రావాలి. నా ఫోన్‌లో వస్తోంది. మా చెల్లి ఫోన్‌లో యాప్ మూసేసిన పది నిమిషాలకి రావడం ఆగిపోతోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి లీడ్ గారికి మనసు రాలేదు. రోజూ మెసేజ్‌లో "దాదాపు అయిపోయింది" అని పెడుతూ వచ్చాను. నాలుగో రోజూ అదే, ఏడో రోజూ అదే. శుక్రవారం పొద్దున కూడా అదే.

శనివారం గ్రూపులో నిజం పెట్టాను. పని 9 రోజులు దాటింది, గీతల ప్రకారం ఇది మామూలుగా లేదు, ఎందుకు ఆగిందో నాకు తెలీట్లేదు అని. హాస్టల్ వాడు అరగంటలో తన ఫోన్‌లో అదే జరిగేలా చేసి చూపించాడు. ఫోన్ బ్యాటరీ ఆదా చేసుకోడానికి వెనకాల నడుస్తున్న మా యాప్‌ని చంపేస్తోంది. నేనేమో ఫోనే ప్రతి నిమిషం బస్సు ఎక్కడుందో అడిగేలా రాశాను. అలా కాకుండా మా సర్వరే కనిపెట్టి, స్టాపు దాటినప్పుడు ఫోన్‌కి మెసేజ్ పంపాలి. ఫైర్‌బేస్‌తో అది రెండు రోజుల పని. అప్పటికి వారం నుంచీ నేను తప్పు తలుపు తడుతున్నాను.

అదే రోజు కార్డుని చీల్చాం. నోటిఫికేషన్ ఇంగ్లిష్‌లో, తెలుగులో రెండింట్లో రావాలని, రెండు రూట్లకీ ఒకేసారి రావాలని నేను ఒకే కార్డులో రాసుకున్నా. తెలుగుని విడదీసి, ఇంకా మొదలుపెట్టని పనుల్లోకి పంపాం. ఇక్కడ ఒక దొంగదారి ఉంది, చెప్పకపోతే బాగోదు. చీల్చినప్పుడు రెండు కొత్త కార్డులు పెట్టి, రెండింటికీ ఇవాళ్టి తేదీ వేస్తే, 9 రోజుల వయసు ఒక్క క్షణంలో మాయమైపోతుంది. గ్రాఫ్ కడిగిన ముత్యంలా ఉంటుంది. నాకు ఆ ఆలోచన వచ్చింది. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. చెయ్యలేదు. నడుస్తున్న ముక్కకి పాత తేదీయే ఉంచాను. మంచితనం ఏం కాదు, నిన్ననే అంత మాట అని ఇవాళ ఆ పని చేయడానికి సిగ్గేసింది.

బుధవారం సాయంత్రం కార్డు `Done` లోకి వెళ్ళింది. 14 రోజులు. నా చుక్క 85 గీతకి పైన పడింది.

ఆ చుక్క పడ్డాక, నిజం చెప్పాలంటే, నేను ఈ గ్రాఫ్‌ని కొంచెం అనుమానంగా చూడడం మొదలుపెట్టాను. మొదట అడుగున ఉన్న చుక్కల్ని చూశాను. రెండు పనులకి ఒక్కో రోజే పట్టినట్టుంది, రెండూ ఒకే ఆదివారం మీద ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి. కార్డులు తెరిస్తే విషయం తేలింది. పని ఎప్పుడో మొదలైంది, కార్డు జరపడం మర్చిపోయి, ఆదివారం రాత్రి గుర్తొచ్చి `Doing` లోకీ అక్కడినుంచి వెంటనే `Done` లోకీ జరిపేశారు. ఒకే తేదీ మీద చుక్కలు వరసగా అడుగున కనిపిస్తే అవి పని వేగం కాదు, బోర్డు మీద బద్ధకం. ఇలాంటి అబద్ధపు చుక్కలు గీతలన్నిటినీ కిందికి లాగుతాయి, అప్పుడు నిజాయితీగా కార్డు జరిపినవాడు ఆలస్యం చేసినట్టు కనిపిస్తాడు.

19 రోజుల చుక్క హాస్టల్ వాడిది. అది బతుకమ్మ, దసరా సెలవుల మీదుగా వెళ్ళింది. వాడు నిజామాబాద్ వెళ్ళి పండగ చేసుకుని వచ్చాడు, కార్డు మాత్రం ఇక్కడే వయసు పెంచుకుంటూ ఉంది. సెలవులు తీసేద్దామా అని చర్చ జరిగింది. నేను వద్దన్నాను. సెలవులు మళ్ళీ సంక్రాంతికి వస్తాయి, మిడ్ పరీక్షలు వస్తాయి. మన పనులు నిజంగా నడిచేది వాటి మధ్యలోనే. కాకపోతే ఆ చుక్క పక్కన "దసరా" అని రాసిపెట్టాం, నాలాంటివాడు ఎవడైనా వేలు పెట్టే ముందు చదువుకోడానికి.

అసలు దెబ్బ మాత్రం నా చుక్కతోనే తగిలింది. కొత్త చుక్క కలిసింది కదా అని గీతలు మళ్ళీ లెక్కకట్టాను. ఇప్పుడు 21 పనులు. 85 శాతం అంటే 17.85, పైకి తీసుకుంటే పద్దెనిమిదోది. వరసలో పద్దెనిమిదో అంకె 14. నిన్నటిదాకా 11 దగ్గర ఉన్న 85 గీత, నా ఒక్క పని వల్ల 14కి ఎక్కి కూర్చుంది. దాంతో గీతకి పైనున్న నా చుక్క సరిగ్గా గీత మీదికి వచ్చేసింది. కొత్త గ్రాఫ్ మాత్రమే చూసినవాళ్ళకి నా ఆలస్యం ఆలస్యంలా కనిపించదు. రేపు ఇంకెవరైనా 13 రోజులు తీసుకుంటే, అది గీత లోపలే ఉందని గ్రాఫే సర్టిఫికెట్ ఇస్తుంది.

20 చుక్కలతో గీసిన గీతలు ఇంత తేలిగ్గా కదులుతాయి. పైన ఉన్న గీతలు మరీను, అక్కడ మనకి ఉన్నవే మూడు నాలుగు చుక్కలు. 50 గీత 4 దగ్గరి నుంచి 5కి వచ్చింది, 70 గీత 7 నుంచి 8కి వచ్చింది. ఒక్కో రోజే. 85 మాత్రం ఒకేసారి మూడు రోజులు దూకింది. అందుకని మేము ఒక నిర్ణయం తీసుకున్నాం. నడుస్తున్న పనుల వయసుని పోల్చడానికి సెమిస్టర్ అయ్యేదాకా పాత గీతలే, 4, 7, 11. కొత్త చుక్కలు పడుతూ ఉంటాయి గానీ గీతలు కదలవు. సెమిస్టర్ చివర్లో ఒకసారి కూర్చుని, పని చేసే తీరు నిజంగా మారిందనిపిస్తేనే కొత్తగా గీస్తాం.

ఇప్పుడు ప్రతి సోమవారం, శుక్రవారం బోర్డు తెరిచినప్పుడు మొదట చూసేది చుక్కల్ని కాదు. `Doing` లో ఉన్న కార్డుల పక్కన వయసు రాసుకుంటాం. 4 దాటితే అడుగుతాం. 7 దాటితే ఇంకొకరు పక్కన కూర్చుంటారు. 11 దాకా ఎవరూ ఆగట్లేదు.

శామీర్‌పేట ఫ్రెండ్‌కి ఆ శనివారమే సారీ చెప్పాను. గ్రూపులో కాదు, ఫోన్ చేసి. "ఆ కార్డు ఎనిమిదో రోజు దాటినప్పుడే అడిగి ఉండాల్సింది. అడిగి ఉంటే నేను కూడా ఆఫీసుకి వచ్చేవాణ్ణి" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే. నా దగ్గర ఇప్పుడు ఒక కార్డుంది, ఇవాళ్టికి ఐదో రోజు. అడుగు" అంది.

అడిగాను. మళ్ళీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఇద్దరం ఆ ఆఫీసు గుమ్మం దగ్గరున్నాం.